పెండ్లి ఫొటో కంపోజిట్, భాగం 4: మూడు ఫొటోలకు ఒకటే నలుపు

పోయిన భాగంల ఫొటోషాప్ల జంటను స్టూడియో ఫొటోలకెళ్లి కట్ చేసి మన పాలమూరు పిల్లలమర్రి కింద నిలబెట్టినం, ఎన్కకు ఫోన్ల దీసిన ఆకాశం పెట్టినం. మాస్కు నీటుగనే ఉంది, నీడ గూడ పడ్డది, అయినా పెండ్లికొడుకు అతికించినట్టే కొడ్తుండు, ఎందుకంటే ఆయన జుట్టుల నలుపు వేరే, ఊడల సందుల నలుపు వేరే. చాలామంది ఇక్కడ్నే పైన ఒక కర్వ్ ఏసి అయిపోయిందంటరు. అట్ల ఏస్తే మొత్తానికి రంగు మారుతది గని లోపటి తేడా అట్లనే ఉంటది.

ముందుగాల ఐడ్రాపర్ శాంపిల్ సైజు 5 బై 5 యావరేజ్ పెట్టి ఇన్ఫో ప్యానెల్ తెరువుర్రి. జుట్టుల మస్తు చీకటిగున్న కాడ పెడితే రెడ్, గ్రీన్, బ్లూ మూడూ 4 చూపిస్తున్నయి. చెట్టు తొర్ర కాడ 20, 22, 30. ఆరుబయట నీడల పైకెళ్లి ఆకాశం వెలుగు పడ్తది గదా, అందుకే ఆ నలుపు కొంచెం లేచి నీలంగ ఉంటది.

జంట లేయర్ మీద కర్వ్స్ ఏసి Ctrl+Alt+G కొట్టి దానికే క్లిప్ చెయ్యుర్రి. రెడ్ చానెల్ల ఎడమ చివర పాయింట్‌ను ఔట్‌పుట్ 17కి లేపుర్రి, గ్రీన్ 19, బ్లూ 27. జుట్టు ఎట్లాగూ 4 మీదుంది కాబట్టి తొర్ర అంకెల కాడికే వస్తది. ఇప్పుడు మొఖం పాలిపోయినట్టు అయితది, భయపడకుర్రి, చివర లేపితే నడిమి భాగం గూడ లేస్తది, ప్రతి చానెల్ల నడుమ ఒక పాయింట్ పెట్టి ఇన్‌పుట్ 128, ఔట్‌పుట్ 128కి దించితే మొఖం వాపస్ వస్తది.

తెలుపు గూడ గంతే. ఎన్కాల ఎండల నడుస్తున్న మనిషి అంగీ 244, 236, 220 ఉంది, పెండ్లికొడుకు పంచె 250 పైన తెల్లగ మెరుస్తుంది. కుడి చివరలను ఆ అంకెల కాడికి దించుర్రి. కాకపోతే తెలుపును తెలుపుతోనే పోల్చాలె, పసుపు గోడతో పోలిస్తే పంచెకు పసుపు కొడ్తది. ఆకాశంల అసలు నలుపే ఉండదు, దానికి అంచు కాడ వెలుగు ఒక్కటి కలిపితే చాలు.

ఇగ లోపటి తేడా పోయింది కాబట్టి, మొత్తానికి ఒకటే రంగు పట్టెతందుకు అన్నిటికన్న పైన క్లిప్ చెయ్యని కర్వ్స్ లేయర్. బ్లూ చానెల్ల ఎడమ చివర 8కి, కుడి చివర 245కి, అంతకన్న ఎక్కువొద్దు. కాంట్రాస్ట్ కోసం ఎస్ షేపు కావాలంటే అది ఇంకో కర్వ్స్ లేయర్ల గీసి బ్లెండ్ మోడ్ లూమినాసిటీ పెట్టుర్రి, నార్మల్ల ఉంచితే రంగులు గూడ ముదురుతయి, ఎర్ర పట్టుచీర మీద జరీ, మడతలు అన్ని ఒకటే ముద్దయితయి.

కుదిరిందా లేదా చూసెతందుకు పైన బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టి ఫొటోను చిన్నగ చేసి చూడుర్రి. అట్ల గూడ జంట ఎగిరి కనవడితే తేడా వెలుగుల ఉన్నట్టు, రంగుల కాదు. స్టూడియో లైట్ ఎడమకెళ్లి, ఎండ కుడికెళ్లి ఉంటే మాత్రం ఏ కర్వ్ పనిచెయ్యది, వేరే ఫొటో ఎతుక్కోవాల్సిందే.

ఫోన్ ఆకాశంల గ్రెయిన్ ఇంకా వేరేగనే కనవడ్తది, అది భాగం 5ల.