ఐదుసార్లు విభాగ సమాకలనం అక్కరలేదు

తిరుపతిలో మా వీధి డిగ్రీ విద్యార్థులకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. సున్నా నుంచి అనంతం వరకు x⁵e⁻²ˣ సమాకలనం అడిగితే, వారు ఐదుసార్లు విభాగ సమాకలనం చేస్తూ మధ్యలో ఎక్కడో ఒక గుర్తు తప్పుతున్నారు. గామా ప్రమేయంతో అది రెండు వరుసల పని.

ముందుగా t = 2x అని ప్రతిక్షేపించాలి. అప్పుడు x = t/2, dx = dt/2 అవుతాయి; x⁵ నుంచి ఐదు రెళ్లు, dx నుంచి మరొకటి, మొత్తం 2⁶ హారంలోకి వస్తుంది. ఆ చివరి రెండును మరచిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. మిగిలిన t⁵e⁻ᵗ సమాకలనం నిర్వచనం ప్రకారం Γ(6), అంటే 5! = 120. కనుక జవాబు 120/64 = 15/8.

```
∫₀^∞ xⁿ e⁻ᵃˣ dx = Γ(n+1) / aⁿ⁺¹
```

విభాగ సమాకలనం ఎన్నిసార్లు చేసినా తెగని √x·e⁻³ˣ కూడా దీనికి లొంగుతుంది. Γ(3/2) = √π/2 కాబట్టి, దానిని 3√3తో భాగిస్తే √π/(6√3) వస్తుంది.

అయితే a ధనాత్మకంగా, n విలువ −1 కంటే ఎక్కువగా ఉండాలి. ఘాతం −1 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే సున్నా దగ్గరే సమాకలనం అపసరిస్తుంది. ఎగువ అవధి అనంతం కాక 4 వంటి పరిమిత సంఖ్య అయినప్పుడు కూడా ఈ సూత్రం వర్తించదు. అక్కడ x⁵ వంటి పూర్ణ ఘాతాలకు విభాగ సమాకలనమే చేయాలి.