చలికాలంలో ఇండియా వెళ్లేముందు కారు బ్యాటరీ: సీసీఏ చూడాలా, ఆర్‌సీ చూడాలా?

షికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి కారు బ్యాటరీ టెన్షన్ ఎక్కువగా జనవరిలో మొదలవుతుంది. క్రిస్మస్ సెలవులకి ఇంకాస్త లీవు కలుపుకుని ఐదు వారాలు ఇండియాలో ఉండి, ఓహేర్‌లో దిగి ఇంటికి వస్తారు. అపార్ట్‌మెంట్ ఓపెన్ పార్కింగ్‌లో కారు మంచు కింద ఉంటుంది. రిమోట్ నొక్కితే తలుపు కూడా తెరుచుకోదు. "మొన్న వేసవిలోనే కొత్త బ్యాటరీ వేయించాం, సీసీఏ ఎక్కువున్నదే కావాలని అడిగి మరీ తీసుకున్నాం" అంటారు. నిజమే, చలికి కావలసినది సీసీఏ. ఐదు వారాలు ఊరికే నిలబడిన కారుకి మాత్రం కావలసిన అంకె ఇంకొకటి ఉంది. అది చాలాసార్లు స్టిక్కర్ మీద కూడా ఉండదు.

సీసీఏ అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీని సున్నా ఫారెన్‌హీట్‌కి, అంటే సుమారు మైనస్ 18 సెల్సియస్‌కి చల్లబరుస్తారు. దాని నుంచి 30 సెకన్ల పాటు కరెంటు లాగుతారు. అంతసేపూ వోల్టేజీ 7.2 కంటే కిందికి పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అదే దాని సీసీఏ. ఆ పరీక్షలో ఉన్నది అర నిమిషమే. స్టార్టర్ మోటార్ గడ్డకట్టిన ఇంజన్‌ని తిప్పడానికి అంతకంటే ఎక్కువసేపు అక్కర్లేదు కూడా.

ఆర్‌సీ అంటే రిజర్వ్ కెపాసిటీ. దీన్ని నిమిషాల్లో చెబుతారు. సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నిండా చార్జ్ అయిన బ్యాటరీ నుంచి ఆగకుండా 25 ఆంపియర్లు లాగితే, వోల్టేజీ 10.5కి దిగేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందన్నది లెక్క. రాత్రిపూట దారిలో ఆల్టర్నేటర్ చెడిపోతే హెడ్‌లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ బ్యాటరీ మీదే ఎంతసేపు నడుస్తాయన్న ఆలోచనతో పెట్టిన కొలత ఇది. ఇప్పటి కార్లలో ఎలక్ట్రిక్ స్టీరింగ్, ఫ్యాన్లు కలిస్తే వాడకం 25 ఆంపియర్లు దాటుతుంది కాబట్టి 100 నిమిషాలు అని రాసి ఉంటే దారిలో అన్ని నిమిషాలూ దొరుకుతాయని అనుకోకండి. కరెంటు రెట్టింపైతే సమయం సగం కంటే ఇంకా తగ్గుతుంది.

రెండూ ఒకే పెట్టెలోంచి రావాలి కాబట్టి వీటి మధ్య కొంత పోటీ ఉంటుంది. ఒక్కసారిగా బోలెడు కరెంటు రావాలంటే ఆమ్లానికి తగిలే సీసం పలకల వైశాల్యం పెరగాలి, అంటే పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉండాలి. కరెంటు ఎక్కువసేపు రావాలంటే పలకల మీద పదార్థం మందంగా ఉండాలి. పెట్టె సైజు, బరువు దాదాపు ఒకటే అయినప్పుడు సీసీఏని బాగా పెంచిన బ్యాటరీలో ఆర్‌సీ కాస్త వెనకబడే అవకాశం ఉంది. కొన్ని ఖరీదైన మోడళ్లలో సీసం ఎక్కువ పోసి రెండూ పెంచుతారు. అలాంటిది బరువులోనే తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాటరీ కొన్నవాళ్లకి "ఎన్ని ఏహెచ్?" అని అడగడం అలవాటు. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్స్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదన్న లెక్క. అక్కడ మైనస్ 18 రాదు కనుక ఆ ప్రశ్న సరిపోతుంది. అమెరికాలో మామూలు కార్ల బ్యాటరీల మీద ఏహెచ్ తరచుగా కనిపించదు. ఆర్‌సీ నుంచి దాన్ని మనమే రాబట్టుకోవచ్చు. నిమిషాలని 60తో భాగించి 25తో గుణిస్తే చాలు. 100 నిమిషాల ఆర్‌సీ అంటే సుమారు 42 ఏహెచ్. ఇండియాలో ఏహెచ్‌ని సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడిన లెక్కన ఇస్తారు. అలా నెమ్మదిగా తీస్తే ఇదే బ్యాటరీ ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది, 50 అనుకోవచ్చు.

ఇప్పుడు ఆ ఐదు వారాల లెక్క చూద్దాం. తాళం వేసి ఉన్న కారు కూడా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. రిమోట్ రిసీవర్, అలారం, కంప్యూటర్ల మెమరీ అన్నీ కలిపి 40 మిల్లీఆంపియర్లు అనుకుందాం. ఇది చెడిపోయిన కారు లక్షణం కాదు, 50 లోపు మామూలే. రోజుకి దాదాపు 1 ఏహెచ్ పోతుంది. 35 రోజులకి 34 ఏహెచ్.

దుకాణంలో ఒకే సైజు బ్యాటరీలు రెండు ఉన్నాయనుకోండి. మొదటిది 640 సీసీఏ, 100 నిమిషాల ఆర్‌సీ. రెండోది 550 సీసీఏ, 120 నిమిషాలు. కారు మాన్యువల్ అడిగింది 500 సీసీఏ. మొదటి దానిలో ఉన్న 50 ఏహెచ్‌లో 34 పోతే మిగిలేది మూడో వంతు. రెండో దానిలో నెమ్మది లెక్కన సుమారు 60 ఉంటుంది. అందులో 34 పోయినా నలభై శాతం పైన మిగులుతుంది. అట్టమీద 640 అని రాసి ఉన్నా అది నిండా చార్జ్ అయి ఉన్నప్పటి మాట. మూడో వంతుకి దిగిన బ్యాటరీ చలిలో ఆ బలం చూపించలేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బ్యాటరీ దిగుతున్నకొద్దీ లోపలి ఆమ్లం పలకల్లోకి చేరిపోయి ద్రవం నీళ్లకి దగ్గరవుతుంది. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. సగం చార్జ్‌లో ఉన్నది మైనస్ 20, 25 మధ్య గడ్డకడుతుంది. పావు వంతే మిగిలితే మైనస్ 15 చాలు. షికాగోలో 2019 జనవరి 30న మైనస్ 31 సెల్సియస్ నమోదైంది. అంత చలి ప్రతి ఏడూ రాదు కానీ మైనస్ 15 రాత్రులు అక్కడ వింతేమీ కాదు. గడ్డకట్టిన బ్యాటరీలో పలకలు వంగిపోవచ్చు, పెట్టె పగలొచ్చు. అలా అయినదాన్ని మళ్లీ నమ్మలేం.

నా మట్టుకు సీసీఏ పాస్ మార్కు లాంటిది. మాన్యువల్ అడిగినంత ఉందా లేదా చూడాలి, ఉంటే అక్కడితో దాని సంగతి వదిలేయాలి. స్టార్టర్ తనకి కావలసినంత కరెంటే లాగుతుంది, పైన ఉన్న 140 ఆంపియర్లకి కారు వేగంగా స్టార్ట్ అవదు. వారాల తరబడి కారు వదిలి వెళ్లేవాళ్లు, ఇంట్లోనే పనిచేస్తూ వారానికి ఒకసారి కిరాణాకి తీసేవాళ్లు ఆ తర్వాత ఆర్‌సీ ఎక్కువున్నది ఎంచుకోవాలి. రోజూ గంట సేపు హైవే మీద వెళ్లి, రాత్రంతా కారు బయటే పెట్టి, తెల్లవారుజామున బయల్దేరేవాళ్ల సంగతి వేరు. వాళ్ల బ్యాటరీ ఎప్పుడూ నిండే ఉంటుంది. వాళ్లకి కొంచెం అదనపు సీసీఏ, బ్యాటరీ పాతబడ్డాక కూడా ఉపయోగపడుతుంది.

కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు సీఏని సీసీఏ అనుకోవడం. సీఏ అంటే అదే పరీక్షని సున్నా సెల్సియస్ దగ్గర చేసినది. చలి తక్కువ కాబట్టి అంకె పెద్దగా వస్తుంది. 600 సీసీఏ ఉన్న బ్యాటరీకే 750 సీఏ అని రాయొచ్చు. యూరప్ కార్లలో కంపెనీ వేసిన బ్యాటరీ మీద ఈఎన్ అని ఉంటే అది వేరే పద్ధతి. ఏ పద్ధతిలో అడిగారో అదే పద్ధతి అంకెతో పోల్చాలి. ఆర్‌సీ స్టిక్కర్ మీద లేకపోతే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో వెతకండి. తయారీ తేదీ కూడా చూడండి. అమ్మకుండా ఆరు నెలలు షెల్ఫ్ మీద ఉన్న బ్యాటరీ కొత్తదైనా కొంత దిగిపోయి ఉంటుంది. ఆగినప్పుడల్లా ఇంజన్ దానంతటదే ఆగే కారైతే, ముందున్నది ఏజీఎం, అంటే ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే రకం అయితే, మళ్లీ అదే రకం వేయాలి. ఇందులో బేరం లేదు.

ఆటో విడిభాగాల దుకాణాల్లో బ్యాటరీని ఉచితంగా టెస్ట్ చేస్తారు. వెళ్లేముందు చేయించండి, కానీ ఆ చిన్న మెషిన్ చెప్పేది ఏమిటో తెలుసుకోండి. అది చిన్న సిగ్నల్ పంపి లోపలి వాహకత చూసి సీసీఏ ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది. ఆర్‌సీని అది కొలవదు. నాలుగేళ్ల బ్యాటరీ అక్కడ పాస్ అయి కూడా, సగం కెపాసిటీతో ఉండొచ్చు. ఆర్‌సీ నిజంగా తెలియాలంటే లోడ్ పెట్టి గంటన్నర పైన దింపి చూడాలి, దుకాణంలో ఎవరూ చేయరు. అందుకే నాలుగేళ్లు దాటిన బ్యాటరీని నెలకి పైగా వదిలేసి వెళ్లాల్సి వస్తే టెస్ట్‌లో పాస్ అయినా నేను నమ్మను. ఇంకొకటి, టెస్ట్ చేసే అబ్బాయి మెషిన్‌లో రేటింగ్ కొట్టేటప్పుడు సీఏ అంకె కొడితే మంచి బ్యాటరీ కూడా చెడిపోయినట్టు చూపిస్తుంది. పక్కనే నిలబడి చూడండి.

ప్రయాణానికి ముందు రోజు బ్యాటరీని నిండా చార్జ్ చేయాలి. పదిహేను నిమిషాల ఆఫీసు డ్రైవ్‌తో అది నిండదు, ఆఖరి ఇరవై శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. గ్యారేజీ ఉన్న స్నేహితుడి ఇంట్లో రాత్రంతా స్మార్ట్ చార్జర్‌కి పెట్టడం మేలు. ఇంజన్ ఆపి కొన్ని గంటలు వదిలాక మల్టీమీటర్‌తో 12.6 వోల్టులు గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు.

డాష్‌క్యామ్ ప్లగ్ పీకేయండి. పార్కింగ్ మోడ్‌లో అది 0.3 ఆంపియర్లు లాగితే రోజుకి 7 ఏహెచ్ పోతుంది. ఎంత ఆర్‌సీ ఉన్నా వారం పదిరోజులు నిలవదు. స్టీరింగ్ కింద పెట్టిన ఇన్సూరెన్స్ పరికరం కూడా తీసేయడం మంచిది.

అన్నిటికంటే చవకైన పని నెగటివ్ టెర్మినల్ విప్పేయడం. చాలా జపాన్ కార్లకి 10 మిల్లీమీటర్ల స్పానర్ చాలు. కేబుల్ చివర గుడ్డ చుట్టి పక్కకి వంచితే ఆ 34 ఏహెచ్ ఖర్చు దాదాపు సున్నా అవుతుంది. ముందుగా మిగతా తలుపులు లోపలి నుంచి లాక్ చేసుకుని, చివరికి డ్రైవర్ తలుపుని రిమోట్‌లో దాగున్న మామూలు తాళంచెవితో వేయాలి. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లలో మాత్రం డిక్కీ మళ్లీ ఎలా తెరవాలో మాన్యువల్‌లో చూశాకే విప్పండి.

"మా ఫ్రెండ్ వారానికోసారి వచ్చి పది నిమిషాలు స్టార్ట్ చేస్తాడు" అంటుంటారు. చలిలో స్టార్ట్ చేయడానికి పోయిన కరెంటు ఆ పది నిమిషాల్లో సరిగ్గా తిరిగి రాదు. వచ్చేవాడు ముప్పై నలభై నిమిషాలు హైవే మీద తిప్పితేనే ప్రయోజనం, లేకపోతే అతన్ని ఇబ్బంది పెట్టకండి.

తిరిగి వచ్చాక కారు స్పందించకపోతే వెంటనే జంపర్ కేబుళ్లు తగిలించొద్దు. పెట్టె పక్కలు ఉబ్బినట్టుందా, పగులుందా చూడండి. గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ ఇస్తే పేలే ప్రమాదం ఉంది. అనుమానంగా ఉంటే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, నిటారుగానే పట్టుకుని గాలి ఆడే వెచ్చని చోట ఒక రోజు ఉంచాలి. కరిగాక పగులు, కారడం కనిపిస్తే పాత బ్యాటరీలు తీసుకునే దుకాణంలో ఇచ్చేయాలి. ఏమీ లేకపోతేనే నెమ్మదిగా చార్జ్ పెట్టి, నిండాక ఒక రాత్రి పక్కన ఉంచి, వోల్టేజీ 12.4 దగ్గరైనా నిలబడుతుందో లేదో చూసి కారులో పెట్టండి.