ఆఫర్ మెయిల్ వచ్చాక: జీతం లెక్క, జాయినింగ్ తేదీ, పంపాల్సిన కాగితాలు

ఇంటర్వ్యూలు అయిపోయి ఆఫర్ మెయిల్ రాగానే చాలామంది చేసే పని, అందులో ఉన్న పెద్ద అంకెను స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో వాళ్లకు పంపడం. పంపండి, తప్పేం లేదు, కానీ ఆ మెయిల్‌కు "ఒప్పుకుంటున్నాను" అని జవాబు రాసే ముందు ఓ అరగంట కూర్చుని మొత్తం చదవాలి. నేను నియామకాల వైపు పని చేస్తాను, తర్వాత వచ్చే ఫోన్లలో సగం ఆ అరగంట చదివి ఉంటే వచ్చేవే కాదు.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కంపెనీ నుంచి, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు వచ్చే మామూలు ఆఫర్ గురించి. మెయిల్ జూన్ 8న వచ్చింది, ప్యాకేజీ ఏడాదికి 6 లక్షలు, జాయినింగ్ ఆగస్టు 3, ఒప్పుకోవడానికి గడువు 3 రోజులు అనుకుందాం.

ముందు హోదా చూడండి. ఇంటర్వ్యూలో చెప్పిన హోదా, గ్రేడ్, ఊరు, ఆఫీసుకు రోజూ వెళ్లాలా లేదా అన్నవి లెటర్‌లో అలాగే ఉన్నాయా? నోటిమాటగా చెప్పినవి లెటర్‌లో లేకపోతే లేనట్టే. "రెండు రోజులే ఆఫీసు అన్నారు కదా" అని జాయినయ్యాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక జీతం. ఆరు లక్షలను పన్నెండుతో భాగించి నెలకు 50 వేలు అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. మెయిల్‌తో పాటు జీతం వివరాల పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని పై నుంచి కిందికి చదవండి. ఈ ఆఫర్‌లో 60 వేలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది, ఏడాది చివర్లో రావచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు. మిగిలింది 5,40,000. బేసిక్ నెలకు 25 వేలు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వేతన కోడ్ అమల్లోకి వచ్చాక బేసిక్‌ను సగం దగ్గర పెడుతున్న ఆఫర్లు కనిపిస్తున్నాయి, ఇదీ అలాంటిదే. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ కూడా మీ ప్యాకేజీలోంచే లెక్కేస్తారు: 15 వేల పరిమితి మీద 12 శాతం కడితే నెలకు 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ బేసిక్ మీద 4.81 శాతం, అంటే ఏడాదికి 14,430, ఇది పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు పని చేస్తేనే చేతికొస్తుంది. ఈ రెండూ తీసేస్తే నెలకు మిగిలేది సుమారు 42 వేలు. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది దాదాపు 40 వేలు. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

అదే కంపెనీ పీఎఫ్‌ను పరిమితి మీద కాకుండా పూర్తి బేసిక్ మీద కడితే లెక్క మారిపోతుంది. అప్పుడు వాళ్ల వాటా 3,000, మీ వాటా 3,000, చేతికి వచ్చేది 37,600 దగ్గర ఆగుతుంది. డబ్బు ఎక్కడికీ పోదు, పీఎఫ్ ఖాతాలో చేరుతుంది, కాకపోతే నెలనెలా ఇంటద్దె, ఈఎంఐ ఉన్నవాళ్లకు ఆ 2,400 తేడా తెలుస్తుంది. కొన్ని ఆఫర్లలో గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ప్యాకేజీలో కలిపేస్తారు. కాబట్టి "నెలకు చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్ దేని మీద కడతారు" అని మెయిల్‌లోనే అడగండి. ఇది అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్నవాళ్లను నేను చూడలేదు.

జాయినింగ్ తేదీ దగ్గర క్యాలెండర్ తీసి లెక్క వేసుకోవాలి. ఇప్పటి కంపెనీలో నోటీసు 60 రోజులు, మీరు జూన్ 10న రాజీనామా పెడితే చివరి రోజు ఆగస్టు 8 అవుతుంది, పెట్టిన మర్నాటి నుంచి లెక్కేసే చోట 9. ఆఫర్‌లో ఉన్నదేమో ఆగస్టు 3. ఈ అయిదారు రోజుల గురించి ఒప్పుకోకముందే రాయాలి: జాయినింగ్ 10వ తేదీకి మార్చమని అడగొచ్చు, లేదా మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి బయటపడొచ్చు, ఆ డబ్బు కొత్త కంపెనీ ఇస్తుందా అన్నది కూడా ఇప్పుడే తేలాలి. మారిన తేదీతో సవరించిన లెటర్ చేతికొచ్చాకే రాజీనామా మెయిల్ కొట్టండి. ఫోన్లో "పర్లేదు, చూసుకుందాం" అన్నది సరిపోదు.

కాగితాలను రెండు విడతలుగా అడుగుతారు, జాబితా మాత్రం ఒకటే పంపుతారు, దాంతో చాలామంది కంగారు పడతారు. ఇప్పుడు పంపాల్సినవి: సంతకం చేసిన ఆఫర్ లెటర్, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కుల మెమోలు, ఆధార్, పాన్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, రాజీనామాను ఒప్పుకున్నట్టు పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ (ఇది వచ్చాక పంపొచ్చు). జాయినయ్యే రోజు ఇవ్వాల్సినవి: రిలీవింగ్ లెటర్, యూఏఎన్ నంబరు, క్యాన్సిల్డ్ చెక్కు, ఫోటోలు. రిలీవింగ్ లెటర్ కొన్నిచోట్ల ఫైనల్ సెటిల్‌మెంట్ అయ్యాక గానీ ఇవ్వరు, అలాంటప్పుడు ఎన్ని రోజుల్లో ఇస్తే సరిపోతుందో కొత్త హెచ్‌ఆర్‌ను అడిగి జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వాళ్ల దగ్గర వదిలి రావద్దు.

మన వాళ్లకు ఎక్కువగా ఇరుకున పెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే, పాన్‌లో ఇంటిపేరు చివర్న. వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ వాడికి ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, అందుకని మార్చేటప్పుడే పదో తరగతి మెమోలో ఉన్నట్టు మార్చుకోండి, తర్వాత పాన్, యూఏఎన్ దానికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు. అంత టైమ్ లేకపోతే పేర్లలో తేడా ఉందని ముందే మెయిల్‌లో చెప్పి, ఏ అఫిడవిట్ కావాలో అడగండి. వాళ్లు కనిపెట్టాక చెప్పడం కన్నా ఇది వంద రెట్లు మేలు.

యూఏఎన్ కూడా ఓసారి తెరిచి చూడండి, ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ ఉంటుంది. అంతకుముందు చేసిన కంపెనీ మీరు మానేసిన తేదీ ఎక్కించకపోతే, ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటితే ఆ తేదీని `Mark Exit` దగ్గర మీరే ఎక్కించుకోవచ్చు. రెజ్యూమేలో రాయని ఉద్యోగం ఇందులో ఉంటే బయటపడుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

మెయిల్ అసలుదేనా అన్నది తేల్చుకోవడం సులువే: పంపిన చిరునామాలో `@` తర్వాత కంపెనీ సొంత డొమైన్ ఉండాలి, ఇంటర్వ్యూ జరిగి ఉండాలి, ల్యాప్‌టాప్‌కో ట్రైనింగ్‌కో డిపాజిట్ అడిగితే అది ఆఫర్ కాదు. ఒక్క రూపాయి కట్టొద్దు.

జవాబు మాత్రం పొడుగ్గా అక్కర్లేదు. అదే మెయిల్‌కు రిప్లై ఇస్తూ హోదా, ప్యాకేజీ, జాయినింగ్ తేదీ మూడూ ఒక వాక్యంలో రాసి ఒప్పుకుంటున్నట్టు చెప్పండి, జతచేసిన కాగితాల పేర్లు కింద రాయండి, ఇంకా రావాల్సినవి ఏ తేదీకి ఇస్తారో చెప్పండి. ఇదంతా సొంత మెయిల్ నుంచే, పాత ఆఫీసు మెయిల్ నుంచి కాదు, అది చివరి రోజు సాయంత్రానికి మూసేస్తారు. రెండు పనిదినాల్లో అందినట్టు జవాబు రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి, పెద్ద ఫైళ్లు ఉన్న మెయిల్ స్పామ్‌లో పడిపోవడం తరచూ జరిగేదే.