తుపాను రాకముందే పర్లిన్ కింది లిప్ చూసుకోండి

అక్టోబరు వస్తే ఉత్తరాంధ్ర తీరంలో రేకుల షెడ్లున్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస వైపు వచ్చింది, అదీ అక్టోబరులోనే. అందుకని సెప్టెంబరులోనే షెడ్డెక్కి చూసుకోవాలి. చాలామంది చూసేది రేకుల స్క్రూలు, రిడ్జ్ క్యాపు, గట్టర్లు. అవి చూడొద్దని కాదు. వాటి కింద రేకుల్ని మోసే జెడ్ ఆకారపు ఉక్కు పట్టీలని, అంటే పర్లిన్లని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒకవేళ చూసినా పై నుంచి చూస్తారు. తుపానులో చెడిపోయేది కింది వైపు.

జెడ్‌లో నిలువుగా ఉండే భాగం వెబ్, పైనా కిందా అడ్డంగా ఉండేవి ఫ్లాంజ్‌లు, వాటి చివర వంచిన చిన్న అంచు లిప్. మామూలు రోజుల్లో పర్లిన్ మీద పడే బరువు కిందికే. రేకు బరువు, పైకెక్కిన మనుషులు, అంతే. అప్పుడు పై ఫ్లాంజ్ నొక్కుడులో ఉంటుంది, కింది ఫ్లాంజ్ లాగుడులో ఉంటుంది. పై ఫ్లాంజ్‌ని రేకు స్క్రూలతో పట్టుకుని ఉంటుంది కాబట్టి అది పక్కకి జరగదు. గాలి కప్పుని పైకి లాగినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. నొక్కుడు కింది ఫ్లాంజ్‌కి వస్తుంది, దాన్ని పట్టుకోవడానికి అక్కడ రేకు ఉండదు.

ఎంత తేడానో లెక్కతో చూద్దాం. విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. గాలి లోడుకి మన దేశపు కోడ్ అయిన, 2015లో సవరించిన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం, తుపాను తీరంలోని పారిశ్రామిక షెడ్డుకి దీన్ని 1.15తో హెచ్చించాలి. 10 మీటర్ల ఎత్తున్న మామూలు షెడ్డుకి వేగం 57.5 అవుతుంది, ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 1.98 కిలోన్యూటన్లు. ఈ ఒత్తిడిని హెచ్చించే గుణకాలు, వాలు తక్కువున్న కప్పుకి బయటి పీల్చుడు 0.9, లోపలి నుంచి తోసేది 0.2, కలిపి 1.1 అనుకుందాం. పర్లిన్లు 1.5 మీటర్ల దూరంలో ఉంటే, రేకు బరువు తీసేశాక ఒక్కో పర్లిన్ మీద మీటరుకి సుమారు 3.1 కిలోన్యూటన్లు పైకి లాగుతుంది. అదే పర్లిన్ మీద కిందికి వచ్చే బరువు, మనుషులు ఎక్కే లోడు చదరపు మీటరుకి 0.75 కలుపుకున్నా, మీటరుకి 1.3 దాటదు. గాలి రెండింతలకి పైనే. ఇంకో మాట: 1987 కోడ్‌లో ఈ 1.15 లేదు. 2015కి ముందు డిజైన్ చేసిన షెడ్డైతే దాని లెక్కలో ఒత్తిడి 1.5 మాత్రమే ఉండి ఉంటుంది. పాత డ్రాయింగులో సంతకం ఉంది కదా అని ధీమా పడొద్దు.

ఇప్పుడు ఆ కింది ఫ్లాంజ్ సంగతి. కోల్డ్‌ఫార్మ్‌డ్ పర్లిన్ అంటే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం రేకుని రోలర్ల మీద వంచి చేసింది. రోలింగ్ మిల్లు నుంచి వచ్చిన ఐఎస్‌ఎంసీ చానల్ లాంటిది కాదు. ఇంత పలుచని పట్టీని నొక్కితే, ఉక్కు దాని పూర్తి బలానికి చేరేలోపే మధ్యలో అలలు అలలుగా ఉబ్బుతుంది. దీన్నే లోకల్ బక్లింగ్ అంటారు. ఉబ్బినంత మాత్రాన పర్లిన్ కూలిపోదు. ఫ్లాంజ్ ఒక అంచుని వెబ్ పట్టుకుని ఉంటుంది, రెండో అంచుని వంచిన లిప్ పట్టుకుని ఉంటుంది. మధ్య భాగం బరువు మోయడం మానేసి అంచుల మీదికి తోసేస్తుంది. నులక మంచం మధ్యలో కూర్చుంటే నులక కుంగి, బరువంతా పట్టెల మీదికి పోతుందే, దాదాపు అలాగే.

మధ్యలో ఎంత మోస్తుంది, అంచుల్లో ఎంత మోస్తుంది అని వివరంగా లెక్కగట్టడం కష్టం. అందుకని ఓ చిన్న యుక్తి. మధ్య భాగం అసలు లేదనుకుని, రెండు అంచుల దగ్గర మిగిలిన వెడల్పు మాత్రమే పూర్తి బలంతో మోస్తుందనుకుంటాం. దాని పేరే ఎఫెక్టివ్ విడ్త్, మోసే వెడల్పు అనుకోండి. 1932లో ఫాన్ కార్మన్ ఈ ఆలోచనకి రూపమిచ్చాడు. కార్నెల్‌లో జార్జ్ వింటర్ నిజమైన రేకుల మీద పరీక్షలు చేసి దాన్ని సరిదిద్దాడు. కోల్డ్‌ఫార్మ్‌డ్ ఉక్కుకి మన కోడ్ అయిన ఐఎస్ 801లో ఉన్నది కూడా ఆ వింటర్ సూత్రమే, కాకపోతే 1975 నాటిది కాబట్టి కేజీ–సెంటీమీటరు లెక్కల్లో ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడే రూపం ఇది:

```
λ = (1.052/√k) (w/t) √(f/E)
λ ≤ 0.673 → b = w
λ > 0.673 → b = w (1 − 0.22/λ)/λ
```

ఇందులో w అంటే మూల వంపులు తీసేసిన చదును వెడల్పు, t మందం, b మోసే వెడల్పు, f ఉక్కు మీది ఒత్తిడి, ఇక్కడ దాని పూర్తి బలం, E ఉక్కు స్థితిస్థాపక గుణకం, λ పట్టీ ఎంత పలుచనో చెప్పే కొలత, k అంచుల పట్టుని బట్టి మారే అంకె. సరైన లిప్ ఉంటే k విలువ 4. లిప్ లేకపోతే 0.43.

75 మి.మీ. ఫ్లాంజ్, 350 మెగాపాస్కల్ ఉక్కు, లోపలి వంపు 3 మి.మీ. ఉన్న పర్లిన్ తీసుకుందాం. మందం 2 మి.మీ. అయితే చదును వెడల్పు 65, అందులో మోసేది దాదాపు 63. అంటే ఇంచుమించు మొత్తం. ఫ్యాబ్రికేటర్ ‘రెండు దొరకలేదు సార్, ఒకటిన్నర వేసేశాం, డెప్త్ అదే కదా’ అన్నాడనుకోండి. ఇప్పుడు చదును వెడల్పు 66, మోసేది 53 కంటే తక్కువ. మందం తగ్గింది 25 శాతమే. కానీ మందం, వెడల్పు రెండూ కలిపి చూస్తే మోసే ఫ్లాంజ్ వైశాల్యం 126 నుంచి 79 చదరపు మిల్లీమీటర్లకి పడిపోయింది, అంటే 37 శాతం. బిల్లులో మిగిలింది పావు వంతు, ఫ్లాంజ్‌లో పోయింది అంతకన్నా ఎక్కువ.

‘పోనీ గట్టి ఉక్కు వేస్తే?’ అని అడుగుతారు. అదే ఒకటిన్నర మి.మీ. పర్లిన్‌లో 250 ఉక్కు బదులు 350 వేస్తే ఉక్కు బలం 40 శాతం పెరుగుతుంది. కానీ ఒత్తిడి పెరిగేకొద్దీ అలలు ఎక్కువవుతాయి, మోసే వెడల్పు 59 నుంచి 53కి తగ్గుతుంది. చివరికి ఫ్లాంజ్ మోసేది పెరిగేది 25 శాతమే. పలుచదనానికి గ్రేడు పూర్తి మందు కాదు.

అందుకని మొదటి జాగ్రత్త, మందం కొలవడం. వెర్నియర్‌తో కొలిచినప్పుడు జింకు పూత, రంగు కూడా కలిసి వస్తాయి. 275 గ్రాముల గాల్వనైజింగ్ ఉంటే రెండు వైపులా కలిపి దాదాపు 0.04 మి.మీ. పూత. జింకు బరువు మోయదు, దాన్ని తీసేసి చూడండి. ఒక్క పర్లిన్ కొలిచి వచ్చేయకండి. నేను చూసిన ఒక షెడ్డులో మెట్ల దగ్గర అందే నాలుగు పర్లిన్లు సరిగ్గా ఉన్నాయి, లోపలికి వెళ్లేకొద్దీ పలుచబడ్డాయి. ఎవరిని అనాలి?

అన్నిటికంటే ముఖ్యం లిప్. పైన చెప్పిన 2 మి.మీ. పర్లిన్‌కే లిప్ లేదనుకోండి. ఫ్లాంజ్ చదును వెడల్పు 70, మోసేది 27. లిప్ ఉన్నప్పటి 63తో పోల్చుకోండి. 20 మి.మీ. వంపు ముక్క చేసే పని అంత. సైటులో జనం ముందు చెయ్యి పెట్టేది దాని మీదే. కేబుల్ ట్రే వేలాడదీయడానికి లిప్‌కి క్లాంపు బిగిస్తారు, అది లోపలికి వంగుతుంది. పైపు అడ్డొస్తే గ్యాస్‌తో లిప్ కోసేస్తారు. చిన్న కోత పరవాలేదనుకుంటారు. స్పాన్ మధ్యలో ఆ ఒక్క చోట ఫ్లాంజ్ అంచు పట్టు లేకుండా ఉంటే, తుపానులో మొదట ముడుచుకునేది అక్కడే. ఏదైనా వేలాడదీయాలంటే వెబ్‌కి రంధ్రం వేసి బోల్టు పెట్టండి. అదీ ఇంజినీరుని అడిగి, బరువు చెప్పి.

తుప్పు కూడా అక్కడే. కింది ఫ్లాంజ్ లిప్ పైకి తిరిగి ఉంటుంది కదా, అదో చిన్న తొట్టి. దుమ్ము, పావురాల రెట్ట, సముద్రపు ఉప్పు గాలి తడి అన్నీ అందులోకే చేరతాయి. కింద నిలబడి చూస్తే మెరుస్తూ కనిపిస్తుంది, నిచ్చెనెక్కి వేలు పెడితే లోపల పొరలు పొరలుగా రాలుతుంది. బ్రష్‌తో ఊడ్చి, స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూడండి. లిప్ అంచు కొరికినట్టు అయిపోయి ఉంటే ఆ పర్లిన్‌ని లిప్ ఉన్నట్టు లెక్కలోకి తీసుకోవద్దు.

నిచ్చెన మీద ఉండగానే ఇంకో పని. టార్చ్‌ని కింది ఫ్లాంజ్ వెంట వాలుగా పట్టి, 300 మి.మీ. స్టీలు స్కేలు ఆనించి జరపండి. పర్లిన్ మధ్య భాగంలో, ఫ్లాంజ్ వెడల్పుకి దగ్గరి కొలతలో, ఎత్తు పల్లాలు వరసగా కనిపిస్తే పాత తుపాను గుర్తే అనుకోవాలి. మామూలుగా లోకల్ బక్లింగ్ గాలి తగ్గగానే మాయమవుతుంది. మిగిలిపోయిందంటే ఆ అంచుల్లో ఉక్కు సాగిపోయింది. ఆ పర్లిన్ మార్చాల్సిందే. ఏమీ కనిపించకపోతే అది బలంగా ఉందని కూడా అర్థం కాదు, ఇంతవరకు అంత గాలి తగల్లేదని మాత్రమే.

ఈ సూత్రం లోకల్ బక్లింగ్ ఒక్కదానికే. ఫ్లాంజ్, లిప్ కలిసి తలుపులా తిరిగిపోవడం ఒకటుంది, పర్లిన్ మొత్తం మెలిపడి పక్కకి పడిపోవడం ఇంకొకటి. వాటికి లెక్కలు వేరు, కానీ కళ్లతో చూడాల్సింది ఒకటే: కింది ఫ్లాంజ్‌ని ఎవరు పట్టుకున్నారు? చాలా షెడ్లలో పర్లిన్లని ఒకదానితో ఒకటి కలిపే సాగ్ రాడ్లు వెబ్ పైభాగంలోనే వేస్తారు. పర్లిన్ వాలు వెంట జారకుండా అవి సరిపోతాయి, గాలి పైకి లాగినప్పుడు కాదు. పైగా రాడ్డు లాగుడుకే పనికొస్తుంది, నొక్కితే వంగిపోతుంది. మధ్యలో కింది ఫ్లాంజ్ దగ్గర, రెండు వైపులా పట్టేలా యాంగిల్ ముక్కలు వేయించండి. యాంగిల్‌ని లిప్‌కి వెల్డింగ్ చేయనివ్వకండి, క్లీటు పెట్టి వెబ్‌కి బోల్టు చేయించండి.

పర్లిన్ పలుచగా తేలితే, సీజన్ ముందు మొత్తం పీకి మార్చడం కుదరదు. ముందు కప్పు అంచులు, మూలలు, రిడ్జ్ పక్కన చూడండి. గాలి పీల్చుడు అక్కడే ఎక్కువ. ఆ చోట్ల రెండు పర్లిన్ల మధ్య ఇంకోటి వేయిస్తే ఒక్కోదాని వాటా సగమవుతుంది. దానికి రేకు స్క్రూలు కూడా కొట్టాలి, లేకపోతే అది ఊరికే అలంకారం.

ఇక షట్టరు. పైన లెక్కలో లోపలి ఒత్తిడి 0.2 అనుకున్నాం. గాలి వైపు పెద్ద షట్టరు ఊడితే అది 0.7 దాకా పోవచ్చు. అప్పుడు 1.1 కాస్తా 1.6 అవుతుంది, మీటరుకి 3.1 ఉన్నది 4.6 దాటుతుంది. ఏ పర్లినూ ఆ తేడాని ఊరికే భరించదు. షట్టరు పట్టీలు గైడుల్లోంచి జారకుండా వెనకాల అడ్డ పైపులు, వాటికి గోడలో పట్టే హుక్కులు ఇప్పుడే వేయించండి. తుపాను హెచ్చరిక వచ్చాక వెల్డర్ దొరకడు.