పెళ్లి భోజనంలో అన్నం మూడు వాటాలు

చెన్నైలో పెళ్లి భోజనానికి కూర్చుంటే నాకు ఒకటే బాధ. సాంబారుకి ఒకసారి, రసానికి ఒకసారి, పెరుగుకి ఇంకోసారి అన్నం వడ్డిస్తూనే ఉంటారు. మొదటి వాయికే పొట్ట నిండిపోయి, నాకిష్టమైన రసం దగ్గరికి వచ్చేసరికి ఆయాసం.

మొన్న టీ.నగర్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్లిలో ఇలా చేశాను. అన్నం వచ్చేలోపే ఆకు పైభాగంలో వడ్డించిన కూటు, పొరియల్ లాంటి కూరలు నిదానంగా తినేశాను. ఆకలి సగం అక్కడే తగ్గింది. తర్వాత రెండు హస్తాల అన్నం మాత్రం వేయించుకుని, సాంబారు మనిషి వచ్చేలోపే వేళ్లతో మూడు వాటాలు చేసి రెండింటిని పక్కకి జరిపాను. ఒకటి సాంబారుకి, ఒకటి రసానికి, ఒకటి పెరుగుకి. మళ్లీ అన్నం తెస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలు అని తమిళంలో "పోదుం" అన్నాను. నవ్వుతూ వెళ్లిపోయారు. కడుపులో చోటు మిగిలింది కాబట్టి పాయసం హాయిగా తాగాను.

సాంబారు గరిటె పడకముందే వాటాలు చేసుకోవాలి. ఆలస్యమైతే కుప్ప మొత్తం మీద పోసేస్తారు, ఇక రసానికి అన్నం మళ్లీ వేయించుకోవాల్సిందే. పెళ్లి భోజనం ఉంది కదా అని పొద్దున టిఫిన్ మానేసి వెళ్లినా ఇది పనిచేయదు, ఆ ఆకలికి చెయ్యి అడ్డం పెట్టబుద్ధి కాదు. రెండు ఇడ్లీలైనా తిని బయల్దేరండి.