చీజ్‌కేక్ పగుళ్లు నాకెలా తగ్గాయంటే

మూడుసార్లు చేశాను, మూడుసార్లూ చీజ్‌కేక్ ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. తప్పు ఓవెన్‌దే అనుకున్నాను. కానీ పేరుకే అది కేకు, నిజానికి గుడ్లతో గట్టిపడే కస్టర్డ్. అంచులు ముందే ఉడికిపోయి, మధ్యభాగం ఇంకా పొంగుతుంటే పైపొర చిట్లుతుంది. వేడి ఎక్కువైతే గుడ్డు బిగుసుకుని ఇంకా లాగేస్తుంది.

నాలుగోసారి టిన్నును కాస్త పెద్ద కేకు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను లోతైన ట్రేలో ఉంచి, ట్రేలో టిన్ను సగం ఎత్తు దాకా వేడినీళ్లు పోశాను. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి అంచులు నెమ్మదిగా ఉడికాయి. (అంతకుముందు ఒట్టి ఫాయిల్ చుడితే నీళ్లు దూరి బిస్కెట్ అడుగు ముద్దయింది.) ఓవెన్ 160లో పెట్టాను. గంటకు టిన్ను కదిపి చూస్తే అంచు గట్టిగా, మధ్యలో అరచేయంత మేర జున్నులా వణుకుతోంది. ఇంకా ఉడకలేదేమో అని టెన్షన్ పడ్డాను గానీ, ఆపాల్సింది అప్పుడే.

ఓవెన్ కట్టేసి, తలుపు సందులో చెక్క గరిటె పెట్టి గంటసేపు వదిలేశాను. తర్వాత అంచు చుట్టూ పలచటి చాకు తిప్పాను. చల్లారుతూ కేకు ముడుచుకుంటుంది, అంచు టిన్నుకు అంటుకునే ఉంటే మధ్యలో చీలుతుంది. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే పైన ఒక్క గీత లేదు.