తెలుగు రాతకు పదాల లెక్కన రేటు ఒప్పుకునే ముందు

ఇంగ్లీషు రైటర్‌కి పదానికి 2 రూపాయలు ఇస్తున్నారు, మీకూ అంతే ఇస్తామంటే వెంటనే సరే అనకండి. తెలుగులో విభక్తులు, క్రియలు కలిసిపోయి ఒకే పదమవుతాయి. ఇంగ్లీషులో ఐదారు పదాలు పట్టే మాట మనకు "రాలేకపోతున్నాను" అనే ఒక్క పదం. అందుకే వెయ్యి పదాల ఇంగ్లీషు వ్యాసం తెలుగులో 700 పదాలకే వచ్చిందనుకోండి, అదే విషయానికి వాళ్లకు 2,000, మీకు 1,400. శ్రమ మాత్రం ఏమీ తగ్గదు. అనువాదమైతే ఇంగ్లీషు మూలంలోని పదాలను లెక్కపెట్టమనండి, సొంత రాతైతే వ్యాసానికి ఇంత అని చెప్పండి.

వాయిస్ పనికి నిమిషాల లెక్క మేలు. కానీ 30 సెకన్ల ఇంగ్లీషు యాడ్‌ని తెలుగు చేస్తే చాలాసార్లు 30 సెకన్లలో పట్టదు. మైకు ముందు కూర్చోకముందే ఒకసారి గట్టిగా చదివి టైమ్ చూసుకోండి. స్క్రిప్టు కుదించే పని కూడా మీదే అయితే దానికి విడిగా అడగండి. మీ గొంతును వాడేది రేడియోకా, సోషల్ మీడియాకా, ఎన్ని నెలలకన్నది కూడా రాయించుకోండి.

తెలుగు రాతకు, వాయిస్‌కు పని ఇచ్చే బ్రాండ్లు కావాలంటే తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ప్రకటనలు చూడండి. అక్కడ తెలుగులో యాడ్ ఇస్తూ, వెబ్‌సైట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంచిన నగల షాపుకో పచ్చళ్ల కంపెనీకో ముందుగా ఫోన్ చేయండి. తెలుగుకు డబ్బు పెట్టడం వాళ్లకు కొత్త కాదు.